ప్రశ్నావళి పాఠాన్ని చెక్‌లిస్టుగా మార్చడం: కాలువ శివారు రైతుల సర్వే ఉదాహరణతో

ప్రశ్న: «అమలాపురంలో ఎం.ఏ. చదువుతున్నాను. మొదటి ప్రాజెక్టుగా కాలువ శివారు గ్రామాల వరి రైతులను సాగునీటి గురించి ఫిబ్రవరిలో అడగబోతున్నాను. 38 ప్రశ్నల చిత్తుప్రతి సిద్ధంగా ఉంది. ప్రశ్నావళి తయారీపై విన్న రెండు గంటల పాఠాన్ని చెక్‌లిస్టుగా మార్చి, దానితో చిత్తుప్రతిని సరిచూడమని మా గైడు గారు చెప్పారు. నోట్సులోని సూచనలన్నీ వరుసగా రాస్తే 46 అయ్యాయి. అన్నిటికీ టిక్కు పెట్టాను కానీ ఒక్క తప్పూ దొరకలేదు. ఇది నమ్మదగినదేనా? మచ్చుకు 14వ ప్రశ్న: "గత సంవత్సరం మీ పొలానికి నీటి సరఫరా, పారుదల సౌకర్యాలు సంతృప్తికరంగా ఉన్నాయా? అవును / కాదు."»

సమాధానం:

నమ్మదగినది కాదండి. 14వ ప్రశ్న ఒక్కదానిలోనే నాకు ఆరు తప్పులు కనిపిస్తున్నాయి. అయితే ఆ లోపం మీ శ్రద్ధలో లేదు, మీరు రాసుకున్న 46 వాక్యాల స్వభావంలో ఉంది. పాఠంలో చెప్పేవి ప్రశ్నలు రాసేవారికి ఇచ్చే సలహాలు. చెక్‌లిస్టులో ఉండవలసినవి ప్రశ్నలను సరిచూసేవారు చేయవలసిన పనులు. "ప్రశ్న స్పష్టంగా ఉండాలి" అన్న వాక్యాన్ని ఎదురుగా పెట్టుకొని తన ప్రశ్నను తానే చూసుకునే మనిషికి అది ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది, ఎందుకంటే దాని అర్థం ఆయన మనసులో ముందే ఉంది.

నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు నేను వ్యాకరణంతోనే గుర్తు చెబుతాను. వాక్యం "ఉండాలి" అనో "ఉండరాదు" అనో ముగిస్తే అది ఇంకా పాఠమే. "గీయండి", "సున్నా చుట్టండి", "పైకి చదవండి", "పక్కన రాయండి" అని ముగిస్తే అది చెక్‌లిస్టు. అలా మారిన వాక్యాన్ని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి ఒకే ప్రశ్న మీద పని చేయించినప్పుడు, వారిద్దరి కాగితాల మీద గుర్తులు ఒకేచోట పడాలి. పడకపోతే ఆ వాక్యంలో ఇంకా సలహా మిగిలి ఉన్నదని అర్థం. ఇంకొక నియమం కూడా పెట్టుకోండి: చెక్‌లిస్టులో టిక్కులు వద్దు. లోపం కనిపిస్తే ఏ మాట దగ్గర కనిపించిందో ఆ మాటనే గడిలో రాయాలి, కనిపించకపోతే గీత గీయాలి. చేయి అలవాటుగా టిక్కు పెట్టుకుంటూ పోతుంది కానీ, మాటను ఎత్తి రాయాలంటే కన్ను ప్రశ్న మీద నిలవక తప్పదు.

ఇప్పుడు ఒక సలహాను పనిగా మార్చి చూద్దాం. మీ నోట్సులో "ఒకే ప్రశ్నలో రెండు విషయాలు అడగరాదు" అని తప్పకుండా ఉండి ఉంటుంది. ఈ సూచన మనకు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల నుంచి వచ్చింది కనుక, పాఠం చెప్పేవారు "మరియు, లేదా అన్న మాటలు వెతకండి" అంటారు. తెలుగులో ఆ మాటలు వెతికితే సగం తప్పులు దొరకవు. మనం రెండింటిని కలపడానికి "మరియు" వాడటం తక్కువ. "నీరూ ఎరువూ అందుతున్నాయా" అన్నప్పుడు కలిపే పనిని చివరి దీర్ఘాలు చేస్తున్నాయి. మీ 14వ ప్రశ్నలో ఆ పనిని కామా చేసింది. ఇక "లాభనష్టాలు", "రాకపోకలు", "కష్టసుఖాలు" వంటి ద్వంద్వ సమాసాల్లో రెండు విషయాలు ఒకే మాటగా అతుక్కొని ఉంటాయి కనుక అవి కంటికి అసలే ఆనవు. "లేదా" అన్న మాటతో మరొక చిక్కు ఉంది, అది వికల్పాన్నీ చెబుతుంది, "నీళ్లు రాలేదా?" అన్నప్పుడు వ్యతిరేక ప్రశ్ననూ చేస్తుంది. అందువల్ల నా చెక్‌లిస్టులో ఈ పని ఇలా ఉంటుంది: "ప్రశ్నలోని మరియు, లేదా, కామా, చివర దీర్ఘం వచ్చిన జంట మాటలు, ద్వంద్వ సమాసాల చుట్టూ సున్నా చుట్టండి. సున్నాలో ఉన్న రెండింటికి వేర్వేరు జవాబులు ఉండగల రైతు ఒక్కరైనా ఉంటారా అని ఆలోచించి, ఉంటే ఆ రైతు పరిస్థితిని ఒక వాక్యంలో పక్కన రాయండి." ఆ వాక్యం రాయగలిగితే ప్రశ్నను విడగొట్టాలి, రాయలేకపోతే అలాగే ఉంచవచ్చు.

మీ ప్రశ్న విషయంలో ఆ వాక్యం రాయడం చాలా సులువు. డెల్టా శివారులో పొలం ఉన్న రైతుకు నాట్ల వేళ కాలువ నీరు ఆలస్యంగా రావచ్చు, కోతల ముందు వాన పడితే మురుగు కాలువ లాగక అదే చేను మునగవచ్చు. నీరు చాలకపోవడమూ నీరు పోకపోవడమూ ఒకే చేలో ఒకే పంటలో జరిగే ప్రాంతం మనది. ఆయన "కాదు" అంటే దేనికి కాదన్నట్టు?

46 వాక్యాలను తగ్గించడానికి నేను ఉపయోగించే పద్ధతి మనస్తత్వ పరిశోధకుడు రోజర్ టూరాంజో 1984లో ప్రతిపాదించిన నాలుగు మెట్ల వివరణ. ప్రశ్న విన్న మనిషి మొదట దాన్ని అర్థం చేసుకుంటాడు, తరువాత జ్ఞాపకంలో వెతుకుతాడు, దొరికినదాన్ని బట్టి ఒక అంచనాకు వస్తాడు, చివరికి ఆ అంచనాను మనమిచ్చిన జవాబుల్లో ఒకదానికి సరిపెట్టి, చెప్పవచ్చో లేదో చూసుకొని చెబుతాడు. మీ నోట్సులోని ప్రతి వాక్యం పక్కన అది ఏ మెట్టు దగ్గర జరిగే తప్పు గురించి చెబుతున్నదో 1 నుంచి 4 వరకు అంకె వేయండి. ఒకే తప్పును నాలుగు విధాలుగా చెప్పిన వాక్యాలు ఒకచోట చేరతాయి. "మర్యాదగా అడగండి", "సున్నితమైన విషయాలను జాగ్రత్తగా అడగండి" వంటివి ఏ మెట్టుకూ చెందకుండా మిగులుతాయి. అవి సర్వే చేసేవారి శిక్షణలో చెప్పవలసిన మాటలు కనుక చెక్‌లిస్టు నుంచి తీసేయండి. ఇలా చేస్తే పది లోపు పనులు మిగలడం నా అనుభవం. 38 ప్రశ్నల మీద 46 పనులంటే 1748 గడులు అవుతాయి, అన్నిటినీ నిజంగా నింపే మనిషి ఉండడు.

మెట్లుగా విడదీయడంలో మరొక ప్రయోజనం ఉంది. తప్పు ఏ మెట్టు దగ్గర ఉన్నదో తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. అర్థంకాని ప్రశ్నకు మాట మార్చాలి. గుర్తురాని ప్రశ్నకు మాట ఎంత మార్చినా ఉపయోగం లేదు, కాలాన్ని మార్చాలి.

14వ ప్రశ్ననే మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు అర్థం. ఇక్కడ నా చెక్‌లిస్టులో ఉండే పని ఇది: "ప్రశ్నలోని ప్రతి నామవాచకం కింద గీత గీసి, అదే మాటను రైతు టీకొట్టు దగ్గర ఏమని అంటారో పైన రాయండి." "నీటి సరఫరా" పైన మీరు బహుశా "కాలవ నీళ్లు" అని రాస్తారు. "పారుదల" దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగాలి. మీ ఉద్దేశంలో అది మురుగు పోవడం. కానీ తెలుగులో నీటిపారుదల అంటే సాగునీరే, ఆ శాఖకు జనంలో ఉన్న పేరు కూడా అదే. కాబట్టి రైతు చెవికి మీ ప్రశ్న "నీటి సరఫరా, నీటి సరఫరా బాగున్నాయా" అని వినిపిస్తుంది. అప్పుడు ఆయన మురుగు గురించి ఆలోచించకుండానే జవాబు చెబుతారు, మీరు మాత్రం దాన్ని మురుగు గురించిన జవాబుగా పట్టికలో చూపిస్తారు. ప్రశ్నకు జవాబు వచ్చేసింది కనుక ఇటువంటి తప్పు ఎవరికీ అనుమానం రాకుండా చివరిదాకా వెళుతుంది.

"మీ పొలం" అన్నది ఇంతకంటే పెద్ద చిక్కు. డెల్టాలో సాగు చేసే మనిషి వేరు, పట్టా ఉన్న మనిషి వేరు కావడం సర్వసాధారణం. అర ఎకరం సొంతం ఉండి మూడెకరాలు కౌలుకు చేసే రైతును "మీ పొలం" అని అడిగితే, ఆయన అర ఎకరం గురించి చెప్పవచ్చు, మూడున్నర గురించీ చెప్పవచ్చు. ఆ రెండూ రెండు వేర్వేరు బోదెల, అంటే పిల్లకాలువల, కింద ఉంటే జవాబు పూర్తిగా మారిపోతుంది. మాట మార్చి "పోయిన సార్వాలో మీరు సాగు చేసిన చేలన్నిటిలో పెద్దది ఏది? ఇప్పుడు దాని గురించే అడుగుతాను" అని ఒక చేనుకు కట్టివేస్తే ఈ చిక్కు తీరుతుంది.

రెండో మెట్టు జ్ఞాపకం. పని: "ప్రశ్నలోని కాలం మాటకు మొదలు తేదీ, చివరి తేదీ పక్కన రాయండి. ఇద్దరు సమీక్షకులు ఒకే తేదీలు రాయకపోతే మాట మార్చండి." మీరు అడగబోయేది ఫిబ్రవరిలో. అప్పటికి వానాకాలపు పంట సార్వా ధాన్యం ఇల్లు చేరి ఉంటుంది, రెండో పంట దాళ్వా చేలో ఉంటుంది. "గత సంవత్సరం" అంటే ఒకరికి జనవరి నుంచి డిసెంబరు, మరొకరికి ఉగాది నుంచి ఉగాది, ఇంకొకరికి పోయిన దాళ్వా. మన రైతులకు ఏడాది క్యాలెండరులో కంటే పంటలో ఉంటుంది. "పోయిన సార్వాలో, అంటే ధవళేశ్వరంలో కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి కోతలు పూర్తయ్యేదాకా" అని అడిగితే తేదీలు ఎవరూ లెక్కపెట్టనక్కరలేదు. కొన్ని ఊళ్లలో సార్వాను తొలకరి పంట అంటారు, కాబట్టి మీరు వెళ్లే ఊళ్లలో ఏ మాట నడుస్తుందో ముందే కనుక్కోండి. మొదలుకీ చివరకీ ఇలా గట్టి గుర్తులు లేకపోతే, మనసుకు గట్టిగా తగిలిన పాత సంఘటనలు ముందుకు జరిగి వస్తాయి. మూడేళ్ల కిందటి ముంపును రైతు నిన్నటి సార్వాలో చెప్పడం అబద్ధమాడటం కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది.

కాలం మాట ఎంత ఖరీదైనదో చూడాలంటే మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 1999-2000లో జరిగిన జాతీయ నమూనా సర్వే 55వ విడతలో, ఆహారంపై ఖర్చును గత 7 రోజులకూ గత 30 రోజులకూ ఒకే పత్రంలో పక్కపక్కనే అడిగారు. ఒక గడిలో చెప్పిన జవాబు రెండో గడి జవాబును తనవైపు లాగి ఉంటుందన్న అభ్యంతరం వచ్చింది. దానివల్ల అంతకు ముందు 1993-94లో 30 రోజులకు మాత్రమే అడిగి చేసిన విడతతో పోల్చి, దేశంలో పేదరికం ఎంత తగ్గిందో చెప్పడం ఆర్థికవేత్తల మధ్య పెద్ద వివాదమయింది. అంత పెద్ద సర్వేకే ఈ చిక్కు వచ్చింది కనుక, మీ 38 ప్రశ్నల్లో ఒకే విషయం రెండు కాలాలకు పక్కపక్కన వచ్చిందేమో ఒకసారి వెతకండి.

మూడో మెట్టు అంచనా. "సంతృప్తికరంగా" అన్న మాటకు కొలత లేదు. ఎప్పుడూ వంతుల్లో నీరు తీసుకునే శివారు రైతు, పది రోజులకు ఒకసారి నీరు వచ్చినా "పర్లేదండి" అంటారు. కాలువ మొదట్లో పొలం ఉన్న రైతు ఒక్క వంతు తప్పినా "ఏం బాగుందండీ" అంటారు. ఈ రెండు జవాబులను కలిపి పట్టిక వేస్తే శివారులోనే నీరు బాగా అందుతున్నదని తేలినా ఆశ్చర్యం లేదు, మీ ప్రాజెక్టు తలకిందులవుతుంది. అందుకు చెక్‌లిస్టులో పని: "బాగు, సరిపోవడం, సంతృప్తి, సక్రమం, తరచు, ఎక్కువ వంటి మాటలను కొట్టేసి, వాటి స్థానంలో కంటితో చూడగల ఒక సంఘటనను రాయండి." నీటి కొరతకు రైతు కంటికి కనిపించే గుర్తు నేల. "నాట్లు వేసిన తరువాత, నీళ్లు లేక చేను పగుళ్లు ఇచ్చిందా? ఎన్నిసార్లు?" అని అడగవచ్చు. "అప్పుడు ఇంజను పెట్టి నీళ్లు తోడుకున్నారా?" అన్నది దాని వెంట అడగదగిన ప్రశ్న, ఎందుకంటే డీజిలుకు డబ్బు పెట్టిన సంగతి ఎవరూ త్వరగా మరచిపోరు. మురుగుకు "నీళ్లు నిలిచి మొక్క తల మునిగిందా? ఎన్ని రోజులు ఉంది?" అని విడిగా అడగాలి.

నాలుగో మెట్టు జవాబు. ఇది చిన్నదిగా కనిపిస్తుంది కానీ తెలుగులో ప్రత్యేకంగా చూడాలి. మీ ప్రశ్న "ఉన్నాయా?" అని ముగిసింది, జవాబుల గడులు "అవును / కాదు" అని ఉన్నాయి. తెలుగులో ఆ ప్రశ్నకు సహజమైన జవాబు "ఉన్నాయి" లేదా "లేవు". వ్యతిరేక రూపంలో అడిగినప్పుడైతే ఇది నిజంగా ప్రమాదం. "నీళ్లు సరిగా రాలేదా?" అన్న ప్రశ్నకు "ఆఁ" అని రైతు తల ఊపితే, రాలేదు అని ఒప్పుకున్నట్టా, వచ్చాయి అన్నట్టా? ఇద్దరు సర్వే మనుషులు దాన్ని రెండు గడుల్లో రాస్తారు. పని: "ప్రశ్న చివరి క్రియను, జవాబు గడిలోని మాటను కలిపి పైకి చదవండి. ఆ రెండూ ఒకే సంభాషణలో ఇమడకపోతే గడి మాట మార్చండి. వ్యతిరేక క్రియతో ముగిసిన ప్రశ్నను తిరగరాయండి." జవాబు గడులు రైతులందరికీ సరిపోతాయా అన్నది కూడా ఈ మెట్టులోనిదే. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. అటువంటి ఏడాది మీరు వెళ్లి ఉంటే "సాగు చేయలేదు" అన్న గడి లేని పత్రంతో ఏం చేసేవారు?

ఇలా చూశాక ఒక్క 14వ ప్రశ్న స్థానంలో మూడు నాలుగు చిన్న ప్రశ్నలు వస్తాయి. 38 కాస్తా 50 దాటుతాయని మీకు భయం వేయవచ్చు. అందుకే ఈ నాలుగు మెట్ల పనికి ముందే, మొత్తం పత్రం మీద మరొక పని చేయాలి: "మీ నివేదికలో రాబోయే ఖాళీ పట్టికలను శీర్షికలతో గీయండి. ప్రతి ప్రశ్న పక్కన అది ఏ పట్టికలో ఏ నిలువు వరుసలోకి వెళుతుందో రాయండి. చోటు దొరకని ప్రశ్నను కొట్టేయండి." రైతు వయసు, చదువు, కుటుంబ సభ్యుల సంఖ్య, ఇంటి పైకప్పు రకం వంటివి ఎక్కడో చూసి అలవాటుగా పెట్టేసే ప్రశ్నలు. వాటిలో సగం ఇక్కడే పోతాయి. ఒక్క నియమం పాటించండి, "ఎందుకైనా మంచిది" అనిపించి ఉంచిన ప్రశ్నను ముందు తీసేయండి.

కొలతల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది అక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక సంస్థ తరఫున దిగుబడి సర్వే పర్యవేక్షించాను. ప్రశ్న చాలా సాదాగా "ఎకరానికి ఎన్ని బస్తాలు పండింది?" అని ఉంది. గోదావరి జిల్లాల్లో బస్తా అంటే 75 కిలోలు అన్నది మాకందరికీ చిన్ననాటి నుంచి తెలిసిన విషయం కనుక ఎవరమూ ఆ మాట మీద ఆగలేదు. పత్రాలన్నీ వచ్చాక లెక్కవేస్తే దిగుబడులు రెండు గుంపులుగా విడిపోయాయి. ఒక గుంపు 40 బస్తాల చుట్టూ ఉంది, రెండో గుంపు 75 చుట్టూ. మంచి నేల, చెడ్డ నేల అనుకొని రెండు రోజులు కారణాలు వెతికాం. తరువాత ఒక పత్రంలో సర్వే చేసిన కుర్రవాడు అంచున పెన్సిలుతో "కొనుగోలు కేంద్రం సంచి" అని రాసుకున్నది కంటబడింది. ధాన్యాన్ని కొనుగోలు కేంద్రానికి వేసిన రైతులు అక్కడ నింపిన 40 కిలోల గోనె సంచులు లెక్కచెప్పారు, మిల్లుకో వ్యాపారికో అమ్మినవారు 75 కిలోల బస్తాలు చెప్పారు. 75 కిలోల బస్తాలు 40 అయినా, 40 కిలోల సంచులు 75 అయినా ధాన్యం 30 క్వింటాళ్లే. నేలలో ఏ తేడా లేదు. ఎవరు ఏ సంచి చెప్పారో పత్రంలో లేదు కనుక మధ్యలో పడిన అంకెలను ఏ గుంపులోనూ వేయలేక ఆ ప్రశ్ననంతా నివేదిక నుంచి తీసేశాం.

అప్పటి నుంచి నా చెక్‌లిస్టులో ఈ పని చేరింది: "అంకె జవాబుగా వచ్చే ప్రతి ప్రశ్నలో, అంకె గడి పక్కన కొలత గడి ఉన్నదా చూడండి. ఆ కొలతను కిలోల్లోకో సెంట్లలోకో మార్చడానికి కావలసిన అంకె కూడా పత్రంలోనే రాసే చోటు ఉన్నదా చూడండి." అంటే బస్తాలు ఎన్ని అని ఒక గడి, ఒక్కో బస్తా ఎన్ని కిలోలు అని మరొక గడి. భూమికైతే ఎకరాలకు ఒక గడి, సెంట్లకు ఒక గడి విడిగా ఇవ్వండి. ఎకరానికి వంద సెంట్లు. ఒకే గడి ఉంటే "ఎకరం ఐదు సెంట్లు" అన్న జవాబును ఒకరు 1.05 అని రాస్తారు, మరొకరు 1.5 అని రాస్తారు. రెండోవారి పత్రంలో రైతుకు 45 సెంట్ల పొలం ఊరికే కలిసివస్తుంది.

ఇంతవరకు చెప్పినవి ఒక్కొక్క ప్రశ్న మీద చేసే పనులు. ప్రశ్నల మధ్య దారులు సరిచూడటానికి వేరే పద్ధతి కావాలి, ఎందుకంటే దారి తప్పులు ప్రశ్నను విడిగా చదివితే కనిపించవు. ముగ్గురు రైతులను ఊహించుకొని, ఒక్కొక్కరి పేరున ఒక ఖాళీ పత్రం మొదటి నుంచి చివరిదాకా నింపండి. మొదటివారు సొంత రెండెకరాలు సాగు చేసుకునేవారు. రెండోవారు సెంటు భూమి లేకుండా నాలుగెకరాలు కౌలుకు చేసేవారు. మూడోవారు పొలమంతా చేపల చెరువుగా తవ్వించి లీజుకు ఇచ్చినవారు. మీ పత్రంలో "మీకు పొలం ఉందా? లేకపోతే ముగించండి" అన్న ప్రశ్న మొదట్లో ఉంటే, రెండోవారు ఆ ప్రశ్న దగ్గరే బయటికి పోతారు. నీటి కొరతను అందరికంటే దగ్గరగా చూసే మనిషి సర్వేలో లేకుండా పోయారు. మూడోవారు పొలం ఉందని చెప్పి లోపలికి వచ్చి, వరికి నీళ్లు అందాయా అన్న పది ప్రశ్నలకూ "వర్తించదు" అనిపించుకుంటూ చివరిదాకా వస్తారు. ఇద్దరి విషయంలోనూ తప్పు ఒకటే, వడపోత ప్రశ్న యాజమాన్యం మీద ఉంది, ఉండవలసింది సాగు మీద. "పోయిన సార్వాలో మీరు వరి సాగు చేశారా?" అని మారిస్తే ముగ్గురూ తమ దారుల్లో పడతారు.

కౌలు గురించిన ప్రశ్నలకు చెక్‌లిస్టు ఎంతవరకు పనికివస్తుందో కూడా తెలిసి ఉండాలి. మన వైపు కౌలు ఎక్కువభాగం నోటిమాట మీదే నడుస్తుంది. రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి, 11 నెలల ఒప్పందం మీద కౌలు రైతుకు కార్డు ఇచ్చే ఏర్పాటు జరిగినా, దానికి యజమాని అంగీకారం కావాలి కనుక కాగితం మీదికి వచ్చిన కౌలు కొంతే. యజమాని తాలూకు మనిషి అరుగు మీద కూర్చొని వింటుండగా "మీరు కౌలు రైతా?" అని అడిగితే "సొంతమేనండి" అన్న జవాబు వస్తుంది. ఆ ప్రశ్న భాషలో లోపం లేదు, నాలుగో మెట్టులోని "చెప్పవచ్చా" అన్న భాగంలో ఉంది. ఇక్కడ చెక్‌లిస్టుతో చేయించగల పని ఒక్కటే: "ఈ ప్రశ్నకు నిజం చెబితే జవాబిచ్చినవారికి ఏం పోతుంది, పక్కన ఎవరు ఉంటే పోతుంది అన్నది రాయండి." ఏదో ఒకటి రాయవలసి వస్తే ప్రశ్నను పత్రం చివరికి జరిపి, ముద్ర వేసే మాట లేకుండా విస్తీర్ణంగా అడగండి. "మొత్తం ఎంత సాగు చేశారు? అందులో మీ ఇంట్లోవారి పేరున ఉన్నది ఎంత?" అన్న రెండు అంకెలు చాలు, మిగిలింది తీసివేతలో వస్తుంది. అయినా కొందరు చెప్పరు.

చెక్‌లిస్టు తయారయ్యాక దాన్ని నేరుగా మీ ప్రశ్నావళి మీద ప్రయోగించకండి. ముందు చెక్‌లిస్టునే పరీక్షించాలి. మీ చిత్తుప్రతికి ఒక నకలు తీసి, అందులో మీకు తెలిసి ఆరు తప్పులు పెట్టండి: ఒక జంట ప్రశ్న, కాలం లేని ప్రశ్న ఒకటి, కొలత లేని అంకె, వ్యతిరేక క్రియ, తప్పుదారి పట్టించే దాటవేత, ఒకదానిలో ఒకటి చొరబడే జవాబు గడులు (2 ఎకరాల వరకు, 2 నుంచి 5 అన్నట్టు, సరిగ్గా రెండెకరాలు ఉన్నవారు ఎటు?). పాఠం వినని స్నేహితులు ఇద్దరికి నకలును, చెక్‌లిస్టును ఇచ్చి, మాట్లాడుకోకుండా చేయమనండి. ఇద్దరూ పట్టుకున్న తప్పుకు సంబంధించిన పని బాగున్నట్టు. ఒకరికే దొరికితే ఆ పని వాక్యాన్ని తిరగరాయాలి. ఎవరికీ దొరకకపోతే ఆ పని ఇంకా "ఉండాలి" దశలోనే ఉన్నది. ఈ పరీక్షలో దాటవేత తప్పు తరచుగా తప్పించుకుంటుంది, ఎందుకంటే ముగ్గురు రైతుల పత్రాలు నింపే పనిని అందరూ కళ్లతో చదివి ముగించేస్తారు. పెన్నుతో నింపిన మూడు పత్రాలను కూడా తిరిగి ఇవ్వమని అడిగితే ఆ దారి మూసుకుపోతుంది.

సమీక్షలో రాని తప్పులు ఊళ్లో వస్తాయి. అందుకని మీరు సర్వే చేయబోని ఒక పక్క ఊరిలో ఐదారుగురు రైతులతో ప్రశ్నలను ముందుగా అడిగి చూడండి. వారిలో కనీసం ఇద్దరు కౌలు రైతులు, ఒక మహిళా రైతు ఉండేలా చూసుకోండి. అక్కడ జవాబులు రాసుకోవడం ముఖ్యం కాదు. ప్రతి ప్రశ్న పక్కన మూడు సంగతులు గుర్తించండి: ప్రశ్నను రెండోసారి చదవవలసి వచ్చిందా, రైతు ఎదురు ప్రశ్న వేశారా, జవాబు గడుల్లో లేని మాట చెప్పారా. ఐదుగురిలో ఇద్దరి దగ్గర ఏదో ఒకటి జరిగిన ప్రశ్నను మళ్లీ చెక్‌లిస్టు ముందు కూర్చోబెట్టండి. నాలుగైదు కీలకమైన ప్రశ్నలకు మాత్రం, జవాబు వచ్చిన వెంటనే "మీరు ఏ చేను గురించి అనుకొని చెప్పారండి?", "ఎప్పటి నుంచి ఎప్పటిదాకా లెక్కవేశారు?" అని అడగండి. "అర్థమైందా అండి?" అని మాత్రం అడగవద్దు. మన వైపు మర్యాద కొద్దీ దానికి "ఆయ్, అర్థమైందండి" అన్న జవాబు తప్ప మరొకటి రాదు.

ఒకసారి ఇలాగే ముంపు రోజుల ప్రశ్నకు ఒక పెద్దాయన చకచకా "నాలుగు రోజులండి" అన్నారు. ఎప్పటి నుంచి లెక్కవేశారని అడిగితే, తన చేను కాదు, ఊరి రోడ్డు మీద నీళ్లు నిలిచిన రోజులు చెప్పానని అన్నారు. ఆ ప్రశ్నను మేము కాగితం మీద మూడుసార్లు సరిచూసి ఉన్నాం. అంతకు ముందు ప్రశ్న ఊరి రోడ్ల గురించి ఉండటం వల్ల ఆయన ఆలోచన అక్కడే ఉండిపోయింది. ఒక్కొక్క ప్రశ్నను విడిగా చూసే చెక్‌లిస్టుకు అది దొరకలేదు. దానికి కొత్త పని కలిపాం: "అంశం మారిన ప్రతిచోట, 'ఇప్పుడు మీ చేను గురించి అడుగుతాను' వంటి మలుపు వాక్యం ఉన్నదా చూడండి, లేకపోతే రాయండి."

మీ పత్రానికి అడుగున తేదీ, అది ఎన్నో ప్రతి అన్న సంఖ్య వేసుకోండి. ఊళ్లో అడిగి చూశాక మార్చిన ప్రశ్నలను మాత్రం మరొకసారి చెక్‌లిస్టులో పెట్టండి, పాతవాటిని మళ్లీ తిరగేయనక్కరలేదు. 14వ ప్రశ్నను విడగొట్టి రాసిన రూపాన్ని ఇక్కడ పెడితే చూసి చెబుతాను. దానితోపాటు మీరు గీసిన ఖాళీ పట్టికలు కూడా పెట్టండి, అవి లేకుండా ఏ ప్రశ్న ఉంచాలో నేను చెప్పలేను.